ధర తగ్గించినా నిండని శనివారం: ఒక హాలిడే ఇంటి రెండేళ్ల లెక్క

"బాబూ, ఆ శనివారం రాత్రికి ధర మూడుసార్లు తగ్గించాను. ఇంకెంత తగ్గించమంటావు?" ఇంటి ఓనరు గారు నాకు మొదటిసారి ఫోన్ చేసినప్పుడు అడిగింది ఇదే. అప్పుడు మంచి సీజన్ నడుస్తోంది, పక్క ఇళ్లన్నీ నిండిపోయాయి, ఈ ఇంట్లో మాత్రం శుక్రవారం వరకు ఒక కుటుంబం, ఆదివారం నుంచి ఇంకో కుటుంబం, మధ్యలో శనివారం ఒక్కటే ఖాళీ. ధర 150 నుంచి 105కి దించారు, అయినా ఎవరూ రాలేదు.

ముందే చెప్తున్నా, ఈ లెక్కల్లో ధరలన్నీ పోలిక కోసమే. మామూలు రోజుల్లో ఒక రాత్రి ధరను 100 అనుకుని, మిగతావన్నీ దాని మీద చెప్తాను. మీ ఇంటి మామూలు ధర ఎంతైనా సరే, ఆ నిష్పత్తిలో వేసుకోండి.

నేను ఫోన్ పెట్టేసి చేసిన మొదటి పని, లాగిన్ కాకుండా బ్రౌజర్‌లో ప్రైవేట్ విండో తెరిచి, గెస్ట్ లాగా ఆ శనివారం చెకిన్, ఆదివారం చెకౌట్ పెట్టి వెతకడం. ఇల్లు కనిపించలేదు. ఖరీదుగా కనిపించడం, పదో పేజీలో కనిపించడం లాంటిదేమీ కాదు, అసలు జాబితాలోనే లేదు. కారణం చూస్తే, సీజన్ మొత్తానికి కనీసం మూడు రాత్రులు ఉండాలని రూల్ పెట్టారు, ఖాళీ ఉన్నది ఒక్క రాత్రి. కాబట్టి ఆ రాత్రిని ఎవరూ కొనలేరు. ఆవిడ తగ్గించిన ధరను భూమ్మీద ఒక్క మనిషి కూడా చూడలేదు.

తర్వాత రెండేళ్లు ఈ ఇంటితో నేను చేసిన పనంతా చాలావరకు ఇక్కడి నుంచే వచ్చింది. కనీస రాత్రుల రూల్ ధరలో భాగమే. మనం మాత్రం ధరను వారానికోసారి తిప్పుతూ, రూల్‌ని ఏడాదికోసారి పెట్టి మర్చిపోతాం.

ఇల్లు చిన్నదే. రెండు పడకగదులు, ఆరుగురు పడతారు. ఓనరు గారి లెక్కలో ఏడాదిలో 90 రాత్రులు సీజన్, మూడు పండగలకి నాలుగేసి చొప్పున 12 రాత్రులు, 150 రాత్రులు డల్ సీజన్, మిగతావి మామూలు రోజులు. నేను రాకముందు సంవత్సరం సీజన్‌లో 68 రాత్రులు, పండగల్లో 8, డల్ సీజన్‌లో 45 అమ్ముడుపోయాయి. మామూలు రోజుల గురించి ఇక్కడ మాట్లాడను, అక్కడ నేను చేసింది పెద్దగా లేదు, వచ్చిన తేడా కూడా లేదు.

ముందు ఒక రాత్రికి ఎంత ఖర్చవుతుందో కూర్చుని రాసుకున్నాం. ఈ పని చాలామంది చేయరు, చేసినా నెల ఖర్చుని ముప్పైతో భాగించి ఊరుకుంటారు, దాని వల్ల ఏ నిర్ణయానికీ ఉపయోగం ఉండదు. మనకి కావాల్సింది రెండు వేరు వేరు అంకెలు. ఒకటి, ఒక గెస్ట్ వెళ్లి ఇంకో గెస్ట్ వచ్చేటప్పుడు అయ్యే ఖర్చు: క్లీనింగ్ మనిషి, దుప్పట్ల ఉతుకు, సబ్బులు, తాళం ఇచ్చే మనిషి. ఈ ఇంటికి అది బుకింగ్‌కి 40, గెస్ట్ ఒక రాత్రి ఉన్నా పది రాత్రులు ఉన్నా అంతే. రెండోది, ప్రతి రాత్రికీ అయ్యే కరెంటు, నీళ్లు వగైరా, అది 8. వీటి పైన బుకింగ్ సైట్ కమిషన్ 15 శాతం. లోను, పన్ను, రిపేర్లు ఇల్లు ఖాళీగా ఉన్నా అవుతాయి కాబట్టి ఒక రాత్రిని అమ్మాలా వద్దా అనే ప్రశ్నలో వాటికి చోటు లేదు. ఏడాది చివర లాభం చూసుకునేటప్పుడు మాత్రం ఉంటుంది.

ఈ రెండు అంకెలు పెట్టుకుని ఆ శనివారాన్ని మళ్లీ చూడండి. 150కి ఒక కొత్త గెస్ట్ ఒక్క రాత్రికి వస్తే కమిషన్ పోను 127.5, అందులో 48 తీసేస్తే చేతికి 79.5. అదే శుక్రవారం వరకు ఉన్న కుటుంబానికి "ఇంకో రాత్రి ఉంటారా, 110కి ఇస్తాం" అని మెసేజ్ పెట్టి వాళ్లు ఒప్పుకుంటే? కమిషన్ పోను 93.5, కరెంటు 8 పోను 85.5. క్లీనింగ్ ఎలాగూ ఒక్కసారే. అంటే నలభై తక్కువకి ఇచ్చినా ఆరు ఎక్కువ మిగిలింది. ఓనరు గారికి ఈ లెక్క నమ్మబుద్ధి కాలేదు, కాగితం మీద రెండుసార్లు వేయించుకున్నారు.

అప్పటి నుంచి ప్రతి సోమవారం పొద్దున ఒక పావుగంట క్యాలెండర్ మీద పెడుతున్నాను. వచ్చే అరవై రోజుల్లో రెండు బుకింగుల మధ్య కనీస రాత్రుల కన్నా చిన్న ఖాళీ ఉందా అని చూడటం, ఉంటే ముందు అటూ ఇటూ ఉన్న గెస్టులకి పొడిగింపు అడగడం, మూడు రోజుల్లో జవాబు రాకపోతే ఆ చెకిన్ తేదీ ఒక్కదానికి కనీస రాత్రులను ఖాళీ ఎంత ఉందో అంతకి దించడం. ధర మాత్రం అలాగే ఉంచుతాను. ఒక్క శనివారం దొరక్క వెతుకుతున్నవాళ్లు సీజన్‌లో చాలామంది ఉంటారు, వాళ్లకి తగ్గింపు ఇవ్వాల్సిన పని లేదు.

పాత సంవత్సరం క్యాలెండర్‌ని వెనక్కి తిప్పి చూస్తే, సీజన్‌లో మిగిలిపోయిన 22 రాత్రుల్లో 15 ఇలాంటి చిన్న ఖాళీలే. ఇన్ని ఎలా పుట్టాయి? ఇది కాస్త ఓపిగ్గా చెప్పాలి, ఎందుకంటే మూడు రాత్రుల రూల్ పెట్టినా వారాంతాలు ఎందుకు విరిగిపోతున్నాయో నాకూ మొదట అర్థం కాలేదు.

చాలా సైట్లలో కనీస రాత్రుల రూల్ చెకిన్ రోజుని బట్టి పనిచేస్తుంది. గెస్ట్ ఏ రోజు వస్తున్నాడో ఆ రోజుకి ఉన్న అంకెనే చూస్తుంది, మధ్యలో ఏ రాత్రులు తగులుతున్నాయో పట్టించుకోదు. ఓనరు గారు సీజన్‌కి మూడు రాత్రులు అని పెట్టారు సరే, గురువారాలు నిండట్లేదని గురువారానికి మాత్రం రెండు అని విడిగా మార్చారు. దాంతో గురువారం వచ్చి శనివారం పొద్దున వెళ్లిపోయేవాళ్లు శుక్రవారాన్ని తీసుకుపోయారు, శనివారం ఒంటరిగా మిగిలింది. శనివారం చెకిన్‌కి మళ్లీ మూడు రాత్రులు, అంటే ఆది, సోమ కూడా ఖాళీగా ఉంటేనే అమ్ముడుపోతుంది. ఆదివారం నుంచి ఎవరైనా వచ్చేశారా, ఇక ఆ శనివారం చచ్చినట్టే. మెత్తబరచిన రోజు గురువారం, దెబ్బ తగిలింది శనివారానికి, అందుకే ఎవరికీ కనిపించలేదు.

కొన్ని సాఫ్ట్‌వేర్లలో ఆ రాత్రిని తాకే ప్రతి బుకింగ్‌కీ వర్తించేలా రూల్ పెట్టొచ్చు. మా సైట్‌లో ఆ వీలు లేదు. అందుకని వెనక నుంచి లెక్క కట్టి పెట్టాం: వారాంతం కాపాడాలంటే బుకింగ్ శనివారం రాత్రిని కలుపుకునే పోవాలి. గురువారం వచ్చేవాళ్లకి మూడు, శుక్రవారం వచ్చేవాళ్లకి రెండు. వినడానికి తలకిందులుగా ఉంటుంది, గిరాకీ ఎక్కువున్న శుక్రవారానికి తక్కువ రాత్రులు, గురువారానికి ఎక్కువ రాత్రులు. కానీ శుక్ర, శని రెండూ కలిపి తీసుకునేవాడు మనకి ఇబ్బంది కాదు, శుక్రవారం ఒక్కటి తీసుకుపోయేవాడే ఇబ్బంది.

ఈ ఖాళీలు పూడ్చే పనిలో నేను చేసిన ఒక తప్పు చెప్తాను. రెండు బుకింగుల మధ్య ఒక రాత్రి ఖాళీ వస్తే దానికి కనీసం ఒకటి అని పెట్టాను. వారం తర్వాత పక్కనున్న ఐదు రాత్రుల బుకింగ్ రద్దయింది. ఇప్పుడు ఖాళీ ఆరు రాత్రులు, నేను పెట్టిన ఒకటి మాత్రం అక్కడే ఉండిపోయింది. రెండో రోజుకే ఒకరు వచ్చి ఆ శనివారం ఒక్కటి పట్టుకుపోయారు, నేను చూసుకునేసరికి ఆరు రాత్రుల ముక్కలోంచి శనివారం ఊడిపోయింది. అప్పటి నుంచి ఏదైనా బుకింగ్ రద్దయినట్టు మెసేజ్ వస్తే నేను చేసే మొదటి పని చుట్టుపక్కల పది రోజుల రూల్స్ మళ్లీ చూసుకోవడం, ధర సంగతి ఆ తర్వాతే.

ఇక పండగలు. ఇక్కడ జరిగిన పెద్ద నష్టానికి కారణం ధర ఎంత అన్నది కాదు, అసలు పెట్టకపోవడం. పండగ తేదీ ఏటా మారుతుంది. సైట్‌లో క్యాలెండర్ ఏడాది ముందుకి తెరిచి ఉంది, కొత్త తేదీలు ఒక్కోటి తెరుచుకుంటూ వస్తుంటే వాటికి మామూలు ధర 100, మామూలు రూల్ రెండు రాత్రులు తగులుకుంటూ వచ్చాయి. ఓనరు గారు పండగకి మూడు నెలల ముందు ధరలు మారుద్దామనుకున్నారు. అప్పటికే, అంటే పదకొండు నెలల ముందే, ఆ నాలుగు రాత్రులను ఎవరో 100 చొప్పున తీసేసుకున్నారు. వాళ్ల తప్పేమీ లేదు, వాళ్లు ముందే పంచాంగం చూసుకున్నారు, మనం చూసుకోలేదు. రద్దు చేస్తే సైట్‌లో జరిమానా, రేటింగ్ దెబ్బ, అవి పక్కన పెట్టినా ఇచ్చిన మాట మాటే, కాబట్టి ఆ ధరకే ఉండనిచ్చారు. మామూలు తేదీకి ఎవరైనా మరీ ముందుగా, సరిగ్గా నాలుగు రాత్రులకి బుక్ చేస్తే అనుమానించాలి అని నాకు అప్పుడు తెలిసింది: ఆ రోజుల్లో ఏదో ఉంది, మనకే తెలియదు.

ఇప్పుడు తేదీలు తెరవకముందే ఏడాది పండగల పట్టిక వేసుకుని, వాటికి కాస్త ఎక్కువే అనిపించే ధర పెట్టి తెరుస్తాం. తర్వాత తగ్గించడం చేతిలో పని, అమ్మేశాక పెంచడం ఎవరి వల్లా కాదు. పోయినేడు ఎలా నిండిందో పోల్చేటప్పుడు కూడా తేదీతో తేదీని కాకుండా, పండగకి ఎన్ని రోజుల ముందు ఎన్ని రాత్రులు అమ్ముడుపోయాయో పోల్చాలి. ఆ ఏడు పండగ వారం మధ్యలో పడి, ఈ ఏడు వారాంతానికి ఆనుకుంటే ఆ పోలిక కూడా అంత గట్టిగా నిలబడదు. దాన్ని సగం నమ్మి సగం వదిలేస్తాను.

మిగిలిన రెండు పండగల్లో ఒకటి 220 చొప్పున నాలుగు రాత్రులకి నిండింది. మూడోదానికి కూడా నాలుగు రాత్రుల రూల్, అదే 220 పెట్టి చివరి రోజు దాకా పట్టుకు కూర్చున్నారు, నాలుగూ ఖాళీగా పోయాయి.

ధర నాలుగు రాత్రులకీ ఒకటే ఉండటం నాకు మొదటి నుంచీ నచ్చలేదు. బుధవారం నుంచి శనివారం వరకు అనుకోండి, అసలు పండగ శుక్ర, శని. బుధ, గురు రాత్రులకి గెస్ట్ దృష్టిలో అంత విలువ లేదు, అయినా 220 కట్టమంటే "బలవంతంగా అంటగడుతున్నారు" అనిపిస్తుంది. అందుకని బుధ, గురు 120 చొప్పున, శుక్ర, శని 260 చొప్పున పెట్టాం. మొత్తం 880 బదులు 760. కానీ ఇప్పుడు శుక్ర, శని చాలనుకునేవాడికి కూడా ఇంకో 120 పెడితే గురువారం కూడా వస్తుంది కదా అనిపిస్తుంది. రూల్ చేయాల్సిన పనిలో కొంత ధరే చేసిపెడుతుంది.

ఆ తర్వాత ప్రశ్న, రూల్‌ని ఎప్పుడు వదలాలి. నాలుగు రాత్రుల గెస్ట్ కోసం ఎదురుచూస్తుంటే రెండు రాత్రుల గెస్ట్ తలుపు తడుతున్నాడు. ఇతన్ని తీసుకోవాలా? దీనికి మేం వేసిన లెక్క ఇది.

నాలుగు రాత్రులు 760కి పోతే కమిషన్, క్లీనింగ్, కరెంటు పోను 574 మిగులుతుంది. శుక్ర, శని మాత్రమే 520కి పోతే 386. ఆ రెండో దారిలో బుధ, గురు మిగులుతాయి, వాటిని 100 చొప్పున ఇంకొకరికి అమ్మితే 114 వస్తుంది, అమ్ముడుపోవడానికి సగం అవకాశం ఉందనుకుంటే 57. కలిపి 443. ఇప్పుడు రెండు రాత్రుల అతన్ని కాదంటే ఏమవుతుంది? నాలుగు రాత్రుల గెస్ట్ రావచ్చు, రాకపోతే చివర్లో మళ్లీ ఇంకో రెండు రాత్రుల గెస్ట్ దొరకడానికి సగం అవకాశం ఉందనుకుందాం, అప్పటికి బుధ, గురు ఎలాగూ అమ్ముడుపోవు. ఈ అంకెలతో చూస్తే, నాలుగు రాత్రుల గెస్ట్ వచ్చే అవకాశం పదిలో ఆరున్నర పైన ఉంటేనే ఎదురుచూడటం లాభం. అంతకన్నా తక్కువైతే వచ్చినవాణ్ని తీసుకోవడమే మేలు.

ఆ అవకాశం ఎంతో ఎలా తెలుస్తుంది? కచ్చితంగా ఎవరికీ తెలియదు. ఓనరు గారి పాత పుస్తకంలో మూడేళ్ల పండగ బుకింగులు ఉన్నాయి, అందులో నాలుగు రాత్రులు, ఆ పైన ఉన్నవి తొమ్మిది. ఏడు బుకింగులు పండగకి యాభై రోజుల కన్నా ముందే వచ్చాయి. తొమ్మిది అంకె చాలా చిన్నది, దాని మీద సిద్ధాంతాలు కట్టలేం, కానీ యాభై రోజుల తర్వాత ఆశ బాగా సన్నగిల్లుతుందని చెప్పడానికి సరిపోతుంది. దూరం నుంచి వచ్చేవాళ్లు, పెద్ద కుటుంబాలు ముందే టికెట్లు చూసుకుంటారు, ఇల్లు కూడా అప్పుడే తీసుకుంటారు. రెండు రాత్రుల వాళ్లు ఆలస్యంగా వస్తారు. అంటే రెండు రకాల గెస్టులు రెండు వేరు వేరు సమయాల్లో వస్తున్నారు, రూల్ కూడా దాన్ని అనుసరించి మారాలి. యాభై రోజుల వరకు నాలుగు, తర్వాత మూడు వారాలు మూడు, ఆ పైన రెండు, ఇంకా మిగిలితే ఖాళీ ఎంతుంటే అంత.

ఇంకో మాట, రూల్, ధర రెండూ ఒకే రోజు దించకండి. రెండూ కలిపి దించితే బుకింగ్ వచ్చింది దేని వల్లో తెలియదు. రూల్ దించడానికి వెంటనే మన జేబులోంచి ఏమీ పోదు, ధర దించితే ఆ ధరకే అమ్ముడుపోతుంది. కాబట్టి రూల్ ముందు, వారం ఆగి అవసరమైతే ధర.

ఇంత చెప్పి, మూడో పండగకి నేనే తప్పాను. యాభై రోజుల దగ్గర మూడుకి దించాల్సింది, ఓనరు గారు "పోయినేడు ఖాళీగా పోయింది బాబూ, నాకు టెన్షన్‌గా ఉంది" అంటే నేరుగా రెండుకి దించేశాను. మర్నాడే శుక్ర, శని పోయాయి, 240 చొప్పున. దానికి రెండు రోజుల తర్వాత నాలుగు రాత్రులకి ఖాళీ ఉందా అని ఒకరు అడిగారు. ఆ బుధ, గురువారాలు ఎవరూ తీసుకోలేదు. ఆ నాలుగు రాత్రుల వాళ్లు వస్తారని నాకు ముందే తెలిసే వీలు లేదు కాబట్టి దాని గురించి నన్ను నేను తిట్టుకోను, మధ్యలో ఉన్న మెట్టు ఎక్కకుండా దూకినందుకు మాత్రం తిట్టుకున్నాను. రెండో పండగకి మెట్లన్నీ పాటించాం, శుక్ర, శని 260 చొప్పున పోయాయి, ఆ గెస్టులకే గురువారం 100కి పొడిగింపు ఇచ్చాం.

డల్ సీజన్ సంగతి వేరు. అక్కడ గెస్టులు తక్కువ, పైగా ఆలస్యంగా వస్తారు. పాత బుకింగులు చూస్తే సగం మంది చెకిన్‌కి ఆరు రోజుల లోపలే బుక్ చేశారు. ఓనరు గారు మాత్రం నలభై రోజుల ముందే క్యాలెండర్ తెల్లగా ఉందని భయపడి ధర 80 నుంచి 60కి దించేవారు. నలభై రోజుల ముందు డల్ సీజన్ క్యాలెండర్ తెల్లగానే ఉంటుంది, అది జబ్బు లక్షణం కాదు. అప్పుడు దించితే కొత్త గెస్టులు పుట్టుకురారు, ఎలాగూ రావాల్సిన ఆ కొద్దిమందే తక్కువ కడతారు. ఇప్పుడు పది రోజుల ముందు వరకు ధర కదపం.

ఎంతవరకు దించొచ్చు అన్నదానికి ఆ రెండు అంకెలే జవాబు. 60కి ఒక్క రాత్రి అమ్మితే కమిషన్ పోను 51, ఖర్చు 48, మిగిలేది 3. క్లీనింగ్ మనిషిని పిలిచి, తాళం ఇచ్చి, ఒక గ్లాసు పగిలితే ఆ మూడు కూడా పోయినట్టే. అదే 60కి రెండు రాత్రులైతే 46 మిగులుతుంది. వారం రోజులకి ఎవరైనా వస్తే, రాత్రికి 45కే ఇచ్చినా 172 మిగులుతుంది. అదే వారంలో మూడు జంటలు రెండేసి రాత్రులు 60 చొప్పున ఉంటే 138, మూడుసార్లు క్లీనింగ్, ఒక రాత్రి ఖాళీ. కాబట్టి డల్ సీజన్‌లో చౌకగా ఇవ్వాలనుకుంటే ఎక్కువ రోజులు ఉండేవాళ్లకే ఇవ్వాలి.

అందుకని రూల్‌ని ఒక రాత్రికి దించాం, కానీ ఆ ఒక రాత్రి ధర 85. రెండు రాత్రుల నుంచి పాతిక శాతం తగ్గింపు, వారానికి దాదాపు సగం తగ్గింపు, మా సైట్‌లో ఇలా మెట్లుగా పెట్టే వీలుంది. ఆ వీలు లేని చోట క్లీనింగ్ ఫీజుని విడిగా వేస్తే కొంతవరకు ఇదే పని జరుగుతుంది, ఎందుకంటే ఒక రాత్రి గెస్ట్‌కి ఆ ఫీజు మొత్తం ఒక్క రాత్రి మీదే పడుతుంది. చిక్కేమిటంటే వెతికేటప్పుడు సైట్ మొత్తం ధర చూపిస్తే ఒక రాత్రికి మన ఇల్లు చాలా ఖరీదుగా కనిపిస్తుంది. మనకి అక్కర్లేని గెస్టే పోతాడు కాబట్టి నేను దాని గురించి బాధపడను.

ఈ వారం తగ్గింపు మాత్రం ఒకసారి మమ్మల్ని కాటేయబోయింది. డల్ సీజన్‌కని పెట్టిన తగ్గింపు సెట్టింగ్ ఏడాది మొత్తానికి తగులుకుంది. డల్ సీజన్ చివరి మూడు రాత్రులు, సీజన్ మొదటి నాలుగు రాత్రులు కలిపి ఒక గెస్ట్ ఏడు రాత్రులకి ధర చూసి "ఇంత తక్కువా, నిజమేనా?" అని మెసేజ్ పెట్టాడు. పాపం మంచివాడు. సీజన్ రాత్రులకి కూడా సగం ధరే చూపిస్తోంది. వెంటనే తగ్గింపుని తేదీలకి కట్టేసి, అతనికి మధ్యస్థంగా ఒక ధర చెప్పాం, ఒప్పుకున్నాడు. సీజన్లు కలిసే తేదీల మీదుగా ఏడు రాత్రులు పెట్టి గెస్ట్ లాగా ఒకసారి వెతికి ఉంటే పది నిమిషాల్లో తెలిసేది.

రెండో ఏడాది అంకెలు ఇలా వచ్చాయి. సీజన్‌లో 68 బదులు 79 రాత్రులు. పెరిగిన పదకొండులో ఐదు పొడిగింపులు, ఆరు చిన్న ఖాళీల్లోకి వచ్చిన కొత్త బుకింగులు. రాబడి 10,200 నుంచి 11,650. పండగల్లో 8 రాత్రులకి 1,280 వచ్చిన చోట 9 రాత్రులకి 1,860. డల్ సీజన్‌లో 45 బదులు 57 రాత్రులు, సగటు ధర 66 నుంచి 62కి తగ్గింది, రాబడి 2,970 నుంచి 3,534. సగటు ధర తగ్గిందని ఓనరు గారు మొదట మొహం చిన్నబుచ్చుకున్నారు. కానీ అక్కడ బుకింగులు 20 నుంచి 21 మాత్రమే అయ్యాయి, అంటే పన్నెండు రాత్రులు పెరిగినా క్లీనింగ్ ఒక్కసారే ఎక్కువైంది.

మూడూ కలిపితే రాబడి సుమారు 18 శాతం పెరిగింది. పెరిగిన 2,594లో కమిషన్, అదనంగా ఎనిమిది క్లీనింగులు, అదనపు రాత్రుల కరెంటు తీసేస్తే చేతికి మిగిలింది 1,700కి కాస్త తక్కువ. పెరిగిన రాబడిలో 360 మొదటి ఏడాది పండగ తేదీ మర్చిపోయిన తప్పు ఈసారి చేయకపోవడం వల్లే వచ్చింది, దాన్ని నా తెలివి కింద వేసుకోను. పైగా ఇది ఒకే ఇల్లు, రెండే సంవత్సరాలు. చుట్టుపక్కల కొత్త ఇళ్లు రెండు తెరిచి ఉంటే పండగ లెక్కలన్నీ మారిపోయేవి. పది గదులున్న చోట ఈ చిన్న ఖాళీల గొడవ ఇంత ఉండదు కూడా, గెస్టుని పక్క గదికి జరిపి క్యాలెండర్ సర్దుకోవచ్చు. ఒకే ఇల్లు ఉన్నవాళ్లకి ఆ వెసులుబాటు లేదు.

సీజన్‌లో ఇంకా 11 రాత్రులు ఖాళీగానే ఉన్నాయి. వాటిలో నాలుగు చిన్న ఖాళీలే, పొడిగింపు అడిగినా రూల్ దించినా ఎవరూ రాలేదు. మిగతా ఏడూ వారం మధ్యవి, పక్కపక్కన మూడు, నాలుగు రాత్రులు, రూల్ ప్రకారం అమ్ముడుపోవాల్సినవే. అక్కడ మాత్రం నిజంగానే ధర ఎక్కువైందని నా అనుమానం. ఈ సీజన్‌లో సోమ, మంగళ, బుధవారాలకి 150 బదులు 130 పెట్టి చూస్తున్నాం. శనివారం జోలికి మాత్రం వెళ్లొద్దని ఓనరు గారే ఇప్పుడు నాకు చెప్తున్నారు.